మీటరు మరదలూ, మొండి బల్బూ

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది గానీ, బడి హాజరుపట్టీలో పిలిచినప్పుడు తప్ప దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు. ఇంట్లో అందరికన్నా ఆఖరున పుట్టింది కాబట్టి ‘చిన్నది’ అయింది. ముప్పై అయిదేళ్లు నిండినా చిన్నదే. వీధికి మాత్రం ఆమె ‘మీటరు’.

ఆ పేరు ఊరికే రాలేదు. పెళ్లికి ముందూ తర్వాతా ఆమె పనిచేసింది బల్బులు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో. అక్కడ పరీక్షల బల్ల దగ్గర పదేళ్లు కూర్చుంది. మీటరుకున్న ఎర్ర వైరు మొన ఒకచోట, నల్ల వైరు మొన ఒకచోట ఆనించడం, అంకె చూడటం, బాగుంటే కుడిపక్క బుట్టలో, బాగోకపోతే ఎడమపక్క బుట్టలో వేయడం. ఫ్యాక్టరీ మూతపడ్డాక మీటరు ఆమెతోపాటే ఇంటికొచ్చింది. ఇక ఆమె చేతికి ఊరట లేదు. రిమోటు బ్యాటరీ, గోడ గడియారం, లారీ నడిపే మొగుడు ఇంటికొస్తే ఆయన జేబులోని టార్చిలైటు, ఏదీ వదల్లేదు. ఒకసారి నిమ్మకాయకు కూడా పెట్టి చూసింది. పొరుగావిడ అది చూసి జడుసుకుని, వారం రోజులు వాళ్లింటి వైపు రాలేదు.

ఇలా లాభం లేదని అక్క ఒక ఉపాయం చెప్పింది. బావకు బజారులో సెలూను ఉంది. దాని ముందు వరండాలో ఒక పక్క ఖాళీ. అక్కడో బల్ల వేసుకుని ఛార్జింగు బల్బులూ, టార్చిలైట్లూ బాగుచేస్తే చేతికి పనీ, ఇంటికి ప్రశాంతతా దొరుకుతాయని.

బావ అంత సులభంగా ఒప్పుకునే మనిషి కాడు. ఆయన చేతిలో కత్తెర ఎంత మెత్తగా నడుస్తుందో నోరు అంత కరకుగా నడుస్తుంది. “అక్కడ నేను కస్టమర్లకి బెంచీ వేద్దామనుకుంటున్నా,” అన్నాడు. ఆ బెంచీ మాట పన్నెండేళ్లుగా అంటూనే ఉన్నాడు, ఒక్క పలకముక్క కూడా కొన్నది లేదు. అక్క ఆ సంగతే గుర్తుచేసింది. బావ మొహం మాడ్చుకుని, “సరే, కూర్చోమను. పని రాకపోతే మాత్రం మొహమాటం లేదు, మూటాముల్లె సర్దుకోవాలి,” అన్నాడు.

అలా మీటరుకు వరండాలో చోటు దొరికింది. ఆ చోటు ఆమెకు ఎంత ప్రాణమో ఎవరికీ చెప్పలేదు. ఫ్యాక్టరీ పోయాక ఇంట్లో నాలుగు గోడల మధ్య మీటరు పట్టుకుని తిరిగిన రోజులు ఆమెకు మళ్లీ వద్దు. పొద్దున బల్ల తుడిచి, అతుకులు వేసే టంకం కడ్డీ వేడెక్కుతుంటే వచ్చే వాసన పీల్చినప్పుడు ఆమెకు తానొక మనిషినన్న ధైర్యం వచ్చేది.

మొదటి పని బావదే. సెలూన్లో అద్దం పైన ఒక ఎమర్జెన్సీ బల్బు ఉండేది. కరెంటు ఉన్నప్పుడు మామూలు బల్బులా వెలుగుతూ లోపలి బ్యాటరీని నింపుకుంటుంది, కరెంటు పోతే ఆ బ్యాటరీతో వెలుగుతుంది. కొని చాలా ఏళ్లయింది. పాపం ముసలిదైపోయి, కరెంటు పోయిన మరుక్షణం గుడ్లు తేలేయడం మొదలుపెట్టింది.

“ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. ముందు నా బల్బు సంగతి చూడు,” అన్నాడు బావ.

మీటరు దాన్ని బల్ల మీద పెట్టి, తెల్ల బుడ్డిని పల్చటి కత్తితో చుట్టూ వదులుచేసి తీసింది. లోపల దీపాల పలక, దాని కింద చిన్న సర్క్యూటు బోర్డు, పక్కనే వేలెడంత బ్యాటరీ. నిండుగా ఉంటే నాలుగు పాయింట్ రెండు వోల్టులు చూపించాల్సిన బ్యాటరీ రెండు కూడా చూపించలేదు. ఛార్జింగు పెట్టినా తాగినట్టు నటించిందే తప్ప నిలుపుకోలేదు. ఇక దానికి కాలం చెల్లిందని అర్థమై, అదే కొలత కొత్తది తెచ్చింది. రెండు చివర్లా రేకు తోకలు ముందే అంటించి ఉన్నది చూసి మరీ తెచ్చింది, ఎందుకంటే ఇలాంటి బ్యాటరీ ఒంటి మీదే టంకం వేడి తగిలిస్తే అది చెడుతుంది, ఒక్కోసారి కోపగించుకుని మండుతుంది కూడా. ఎర్ర వైరు ప్లస్సుకు, నల్ల వైరు మైనస్సుకు అతికించి, ఒకటికి రెండుసార్లు చూసుకుని మూత బిగించింది. తన బల్ల మీదే నిండా ఛార్జింగు చేసి బావ చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. బల్బు పెళ్లికూతురిలా వెలిగింది. బావ ‘బాగుంది’ అనలేదు, ‘ఊ’ అన్నాడు. ఆయన నోట ‘ఊ’ అంటే మామూలు సంగతి కాదని అక్క చెప్పింది.

ఆ మర్నాటి నుంచీ బావకు కొత్త ఆట దొరికింది. ఈ బల్బుకు అడుగున రెండు చుక్కల్లాంటి మొనలుంటాయి. ఆ రెండింటికీ మధ్య ఏదో ఒక దారి దొరికితే, కరెంటు పోయింది కాబోలు అనుకుని అది బ్యాటరీతో వెలుగుతుంది. ఇంట్లో ఫ్యానో టీవీయో తగిలించి ఉంటే వాటి గుండా ఆ దారి దొరుకుతుంది. వేలు పెట్టినా సరే, మన ఒళ్లే దారి. స్విచ్చి ఆపితే దారి తెగిపోతుంది కాబట్టి పడుకుంటుంది. బావ బల్బును చేత్తో పట్టుకుని, అడుగున వేలు ఆనించి వెలిగించి, “చూశారా, నా ఒంట్లో ఎంత కరెంటుందో,” అని కస్టమర్ల ముందు కళ్లెగరేసేవాడు. వరండాలోంచి మీటరు, “అది ఒంట్లో కరెంటు కాదు బావా, వేలి చెమట,” అనేది. బావ వినిపించనట్టు ఉండేవాడు.

ఆ ఆట మొదలైన రెండో రోజు సాయంత్రం మీసాల మాస్టారు వచ్చాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన మీసాలు ఆయనకంటే ఒక అడుగు ముందు నడుస్తాయని వీధిలో అంటారు. పగలు సెలూన్లోకి వెలుతురు తలుపులోంచి బాగానే పడుతుంది కాబట్టి బావ మసకపడేదాకా స్విచ్చి ముట్టుకోడు. అప్పుడే స్విచ్చి వేసి, మాస్టారి కుడి మీసం దువ్వి, కత్తెర ఆనించాడు. కరెంటు పోయింది. బల్బు బ్యాటరీ మీదికి మారింది. బావ ధైర్యంగా కత్తెర నొక్కాడు. సరిగ్గా అప్పుడే బల్బు టపీమని ఆరిపోయింది.

చీకట్లో ఒక చిన్న ‘కిర్రు’ వినిపించింది. 

కరెంటు వచ్చాక చూస్తే కుడి మీసం సగానికి దిగింది. మాస్టారు అద్దంలో తనను తాను గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకున్నాడు. “ఎడమది కూడా దీనికి సమానం చెయ్యి, ఏం చేస్తాం,” అన్నాడు పెద్దమనిషి తరహాలో. ఆయన అటు వెళ్లగానే బావ వరండాలోకొచ్చాడు.

“ఏమ్మా మీటరూ, ఇదేనా నీ పనితనం?”

 బల్బు విప్పి చూస్తే కొత్త బ్యాటరీ ఖాళీ. ఎండిన కుండలో అడుగున చుక్క మిగిలినట్టు రెండున్నర వోల్టులు. నకిలీ సరుకు అంటగట్టాడేమోనని దుకాణదారుణ్ని మనసులో నాలుగు తిట్టి, మరో దుకాణంలో మరో బ్యాటరీ తెచ్చి వేసింది. రాత్రంతా తన దగ్గరే ఉంచుకుని మర్నాడు కొలిస్తే నాలుగు పాయింట్ రెండు దగ్గరే నిలకడగా ఉంది. సంబరంగా తీసుకెళ్లి ఇచ్చింది.

ఆ రోజు బాగానే ఉంది. ఆ మర్నాడు సాయంత్రం మాస్టారు ఎడమ మీసంలో రెండు వెంట్రుకలు ఎక్కువున్నాయని సర్దించుకోవడానికి వచ్చాడు. కరెంటు పోయింది. బల్బు వెలిగింది, ఆరింది. ‘కిర్రు’ మంది.

ఇప్పుడు ఎడమ మీసం కుడి మీసానికి తమ్ముడైంది. మళ్లీ కుడిదాన్ని దించాల్సి వచ్చింది. మీసాలు రెండూ పోటీపడి మెట్లు దిగుతున్నట్టుగా తయారైంది ఆయన మొహం. ఈసారి మాస్టారు పెద్దమనిషి తరహా మానేసి, “ఇదిగో చూడు, నా మొహం మీద ఇంక దిగడానికి మెట్లు లేవు. ఆ బల్బు బాగుపడేదాకా నేను పగటిపూటే వస్తా,” అన్నాడు.

ఆ రాత్రి మీటరు అక్క ఇంట్లోనే అన్నానికి కూర్చుంది. బావ గిన్నె చప్పుడు చేసి చెప్పాడు. “ఆఖరి అవకాశం. ఇంకొక్కసారి ఆ బల్బు ఆరితే వరండా ఖాళీ చేయాలి. నేను బెంచీ వేసుకుంటా.”

“ఏ బెంచీ?” అంది అక్క.

“పన్నెండేళ్ల బెంచీ,” అన్నాడు బావ, పంతంగా.

మీటరు నవ్వలేదు. ఆమెకు నిజంగానే భయమేసింది. బల్ల పోతే ఏం మిగులుతుంది? మళ్లీ నిమ్మకాయలూ, గోడ గడియారాలూ. పొద్దున్నే లేచి, తాడో పేడో తేల్చుకోవాలని బల్బును విప్పి కూర్చుంది. ఈసారి బ్యాటరీని అనుమానించడం మానేసి ఛార్జింగు సర్క్యూటును పట్టుకుంది.

ఈ బల్బు బోర్డు మీద ఇంటి కరెంటు నేరుగా పారుతుంది. హోల్డర్లో ఉండగా వేలు తగిలితే తాతలు కనిపిస్తారు. అందుకని స్విచ్చి వేయకముందే ఆమె తన మీటరు వైర్లను క్లిప్పులతో బ్యాటరీ రెండు చివరలకూ పట్టించి, చేతులు వెనక్కి కట్టుకుని, అప్పుడు స్విచ్చి వేసింది. అంకె మెల్లమెల్లగా ఎక్కింది. మూడున్నర దాటింది, నాలుగు దాటింది, నాలుగు పాయింట్ రెండు దగ్గర బుద్ధిగా ఆగింది. ఎక్కువ తినలేదు, తక్కువ తినలేదు. స్విచ్చి ఆపి, మీటరును బ్యాటరీకీ బోర్డుకూ మధ్యన దారిలో పెట్టి మళ్లీ వేస్తే ఛార్జింగు కరెంటు కూడా సరిగ్గానే పోతోంది. బల్బును హోల్డర్లోంచి పూర్తిగా తీసేసి అదే దారిలో చూస్తే దాదాపు సున్నా. అంటే బల్బు ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీని ఎవరూ దొంగచాటుగా తాగడం లేదు. అతుకులు చూసింది, వైర్లు లాగి చూసింది. పుండు మీద కారం చల్లినట్టు అన్నీ బాగున్నాయి.

“బావా, బల్బులో ఏ లోపమూ లేదు.”

“ఆడలేక మద్దెల ఓడంటారు. నువ్వు మద్దెల బాగుందంటున్నావు. అయితే లోపం నాలో ఉందా?”

“అది నా దగ్గరుంటే బాగుంటుంది, నీ దగ్గర ఒక రాత్రి ఉంటే చస్తుంది. రాత్రిపూట దాన్ని ఎక్కడ పెడుతున్నావు?”

బావ గొంతు మారింది. “ఎక్కడ పెడతాను? భద్రంగానే ఉంటుంది.”

“భద్రంగా అంటే? హోల్డర్లోనేనా?”

“నీకెందుకవన్నీ? నువ్వు బల్బు డాక్టరువా, పోలీసువా?” అని బావ సబ్బునురుగు కలుపుకోవడంలో మునిగిపోయాడు. ఆ గిన్నెలో నురుగు అప్పటికే పొంగి కింద పడుతోంది.

మీటరుకు ఇంకేమీ అడగాలనిపించలేదు. అడిగితే చెప్పని మనిషిని చూసి తెలుసుకోవాలి. ఆమె బల్ల దగ్గర కూర్చుంటే సెలూను తలుపులోంచి పెద్ద అద్దం కనిపిస్తుంది, అద్దంలో సెలూనంతా కనిపిస్తుంది. ఆ రోజు కొట్టు కట్టేసే వేళకు ఆమె ఒక పాత టార్చిలైటును విప్పుతూ, బిగిస్తూ, మళ్లీ విప్పుతూ కూర్చుంది. లోపల మీసాల మాస్టారు కుర్చీలో ఉన్నాడు. పగటిపూటే వస్తానన్న మనిషి, పక్కింటివాళ్లు చూడకుండా రావాలని పొద్దువాలేదాకా ఆగాడట. గడ్డం గీయించుకుని, మీసం జోలికి రావద్దని రెండు చేతులతో దాన్ని కాపాడుకుంటూ కూర్చున్నాడు.

బావ అటూ ఇటూ చూశాడు. స్టూలెక్కి బల్బును హోల్డర్లోంచి తీశాడు. మాస్టారి మెడ చుట్టూ కట్టిన నల్లగుడ్డ విప్పి, దులిపి, బల్బు తలకు రెండు చుట్లు చుట్టాడు. చంటిబిడ్డకు చలిగాలి తగలకుండా చుట్టినట్టు, అంత జాగ్రత్తగా. ఆ తర్వాత కత్తెరలు పెట్టుకునే స్టీలు పెట్టె తెరిచి, గుడ్డ చుట్టిన తల పైకీ, ఇత్తడి అడుగు కిందికీ వచ్చేలా కత్తెరల మీద నిలబెట్టాడు. మూత వేశాడు. తాళం కూడా వేశాడు.

మీటరు టార్చిలైటు వదిలేసి లోపలికి నడిచింది.

“పెట్టె తెరువు బావా.”

బావ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. “కత్తెరలున్నాయంతే.”

“కత్తెరలే చూద్దాం.”

“రేపు పొద్దున చూద్దువుగాని.”

“ఇప్పుడే చూడాలి.”

మాస్టారు కుర్చీలోంచి లేవకుండానే, “తెరువయ్యా, ఆ అమ్మాయి అంతగా అడుగుతుంటే,” అన్నాడు. బావ తాళం తీశాడు. పెట్టె లోపల నల్లగుడ్డ తప్ప ఏమీ కనిపించలేదు. మీటరు వెళ్లి బయటి వెలుతురు పడకుండా సెలూను తలుపు దగ్గరగా వేసి, వచ్చి, బల్బును కదపకుండా గుడ్డ కొస పట్టుకుని ఒక్కో చుట్టూ విప్పింది.

పెట్టెలోంచి తెల్లటి వెలుగు ఒక్కసారిగా పైకి లేచి ముగ్గురి మొహాల మీద పడింది. బల్బు కత్తెరల మీద నిలబడి, నిండుగా, హాయిగా వెలుగుతోంది.

“అడుగునున్న రెండు చుక్కలూ కత్తెరకు తగులుతున్నాయి బావా. నీ వేలుకంటే మంచి దారి అది. కరెంటు పోయింది పాపమని రాత్రంతా నీ కత్తెరలకి వెలుగిస్తోంది. తెల్లారేసరికి ఖాళీ. నువ్వేమో మళ్లీ మసకపడ్డాక గానీ స్విచ్చి వెయ్యవు, అది నిండేదెప్పుడు?”

మాస్టారు కాసేపు ఆ వెలుగు వైపు చూసి, అద్దంలో తన మీసం వైపు చూసుకున్నాడు. “అంటే నా మీసాలు రెండూ కత్తెరలకి దీపం పెట్టడానికి పోయాయన్నమాట,” అన్నాడు.

ఇక మీటరుకు పట్టపగ్గాల్లేవు. మూడు రోజులుగా మింగిన భయమంతా కోపమై పైకి తన్నింది. “రెండు బ్యాటరీలు మార్చాను. దుకాణాల వాళ్లని తిట్టుకున్నాను. నిద్ర మానుకుని సర్క్యూటు మొత్తం వెతికాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికించావు. వరండా ఖాళీ చెయ్యమన్నావు. అసలు దాన్ని దాచడమెందుకు? ఇన్నేళ్లూ హోల్డర్లోనే కదా ఉంది, ఎవడైనా ముట్టుకున్నాడా?”

బావ నల్లగుడ్డను మడతపెట్టాడు. విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు. 

“చెప్పు బావా.”

“ఇన్నేళ్లూ అది కొట్లో కొన్న బల్బు,” అన్నాడు చివరికి, గుడ్డ వైపే చూస్తూ. “ఇప్పుడు నువ్వు చేసింది.”

మీటరుకు అర్థం కాలేదు. మాస్టారు అందుకున్నాడు.

“నువ్వు వరండాలో ఉంటే నా ఒంట్లో కరెంటు అంటాడు. నువ్వు అన్నానికి ఇంటికెళ్లావో, కుర్చీలో కూర్చున్న ప్రతివాడి చేతిలోనూ ఆ బల్బు పెట్టి, మా మరదలు చేసింది, ఊళ్లో ఇంకెవరికీ రాదు ఈ పని, అంటాడు. నా చేతిలోనే నాలుగుసార్లు పెట్టాడు.”

“అందరి కళ్లూ దాని మీదే పడ్డాయి,” అన్నాడు బావ, నేరం ఒప్పుకున్నట్టు గొణుగుతూ. “షట్టరు తాళం పాతది. ఏ వెధవో వచ్చి ఎత్తుకుపోతే? బుడ్డికి గీతలు పడకూడదని గుడ్డ కూడా చుట్టాను.”

  గడియారం నుంచి నిమ్మకాయ దాకా అన్నిటికీ మీటరు పెట్టి చూసిన మనిషి, ఎదురుగా ఉన్న ఈ మనిషిని ఇన్నాళ్లూ గిన్నెల చప్పుడుతోనే కొలిచింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బావ చూడకూడదని పెట్టె మీదికి వంగి, బల్బును కత్తెరల మీంచి తీసింది. చేతిలోకి రాగానే ఆరింది.

“మరి వరండా?” అంది, అటు తిరిగే.

“వరండాకేం, ఉంది కదా.”

“ఖాళీ చెయ్యాలా?”

“చేసి చూడు, మీ అక్క నన్ను ఇంట్లోకి రానిస్తుందా,” అన్నాడు బావ. ఆ తర్వాత కాస్త ఆగి, “బెంచీ వేద్దామనుకున్నది నీ బల్ల దగ్గరికొచ్చేవాళ్లకే. పాపం, నిలబడుతున్నారు,” అన్నాడు. అది అప్పటికప్పుడు పుట్టిన అబద్ధమని ముగ్గురికీ తెలుసు. ఎవరూ కాదనలేదు.

మీటరు స్టూలెక్కి బల్బును హోల్డర్లో బిగించింది. బావ దీపాలార్పి, షట్టరు సగం దించి, మళ్లీ ఎత్తి, లోపలికి తొంగిచూశాడు. పూర్తిగా దించి తాళం వేశాక, దాన్ని పట్టుకుని రెండుసార్లు గట్టిగా గుంజాడు. అయినా కాలు కదలలేదు.

“నిజంగానే ఎవడైనా ఎత్తుకుపోతే?” అన్నాడు.

“పోతే పోనీ బావా,” అంది మీటరు. “ఇంకోటి చేసిస్తాను.”